దారినపోయే దానయ్య వెళ్లిపోయాక మిగిలే మసక

సముద్రపు ఒడ్డున తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు నిలబడి ఉన్న ఫొటో ఒకటి. నవ్వులు కుదిరాయి, వెలుతురు కుదిరింది, ఎవరూ కళ్లు మూయలేదు. కూతురి భుజం వెనక నుంచి మాత్రం తెల్ల చొక్కా వేసుకున్న మనిషి ఒకడు నడిచి వెళ్తున్నాడు. ఎవరో దారినపోయే దానయ్య. ఫొటోలు దిద్దే ప్రోగ్రాంలో హీలింగ్ బ్రష్ తీసుకుని అతని మీద రుద్దితే మనిషి పోతాడు. అతను నిలిచిన చోట మాత్రం సముద్రం అలికినట్టు తయారవుతుంది. అలల గీతలు కరిగిపోయి, క్షితిజం గీత మెత్తబడి, కూతురి జుట్టు నలుపు నీళ్లలోకి కారినట్టు కనిపిస్తుంది. ఇక ఫొటో చూసే ప్రతివారి చూపూ ముందు అక్కడికే పోతుంది. నడిచి వెళ్తున్న మనిషిని ఎవరూ పట్టించుకునేవారు కాదేమో కానీ, ఈ మసకను పట్టించుకోకుండా ఉండలేరు.

ఈ మసక ఎందుకు పుడుతుందో తెలిస్తే దాన్ని తప్పించడం కష్టం కాదు. చేయి తిరిగిన పనితనం కన్నా, ఏ పనిముట్టు ఎక్కడ ఆపాలో తెలియడమే ఇక్కడ ముఖ్యం.

## సగటు తీయడమే అసలు తప్పు

ఫొటోలో ఖాళీ చేసిన చోటును కంప్యూటర్ చేత నింపించే ప్రయత్నాలు 2000 ప్రాంతంలో ఊపందుకున్నాయి. ఆ ఏడాది వచ్చిన ఒక ప్రసిద్ధ పద్ధతి ఖాళీ అంచుల్లోని రంగులను, గీతలను మెల్లగా లోపలికి పాకించేది. పాత ఫొటో మీద గీరలు పోగొట్టడానికి అది బాగా పనికొచ్చింది. వెడల్పు ఎక్కువైన ఖాళీలో మాత్రం నలువైపుల నుంచీ పాకిన రంగులు మధ్యలో కలిసిపోయి ఉత్త మబ్బులా మిగిలేవి. 2002లో ఫొటోషాప్ 7తో వచ్చిన హీలింగ్ బ్రష్ ఇంకో దారి పట్టింది. మనం చూపించిన చోటు నుంచి సన్నటి నేతను, అంటే ఉపరితలపు గరుకుదనాన్ని తీసుకుంటుంది. రంగును, వెలుగును మాత్రం బ్రష్ వేసిన చోటు అంచుల నుంచి తీసుకుంటుంది.

చర్మం మీది మచ్చకు ఇంతకంటే మంచి మందు లేదు. మచ్చ చుట్టూ ఉన్నది కూడా చర్మమే కాబట్టి అంచు నుంచి వచ్చే రంగు ఎప్పుడూ సరైనదే. నడిచి వెళ్లే మనిషి చుట్టూ ఉన్నది ఒకే వస్తువు కాదు. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క కూతురి నల్లని జుట్టు, పైన ఆకాశం. బ్రష్ గీత జుట్టును ఒక్క పిక్సెల్ తాకినా చాలు, జుట్టు నలుపు కూడా అంచు రంగుల్లో చేరిపోతుంది. ఆ నలుపును నీళ్ల రంగుతో నునుపుగా కలపడం బ్రష్‌కు అప్పజెప్పిన పని కాబట్టి, అది నమ్మకంగా కలిపేస్తుంది. జుట్టు కారినట్టు కనిపించడానికి కారణం ఇదే. బ్రష్ చెడిపోలేదు. చేయకూడని చోట తన పని తాను చేసింది.

2010లో ఫొటోషాప్ సిఎస్5తో వచ్చిన Content-Aware Fill లాంటివి ఫొటోలోని వేరే చోట్ల నుంచి చిన్నచిన్న ముక్కలు వెతికి తెచ్చి అతుకుతాయి. చాలా చోట్ల బాగానే అతుకుతాయి కూడా. అయితే ముక్కలు ఒకదాని మీద ఒకటి పడే చోట ఆ పద్ధతి వాటి సగటు తీస్తుంది. ఫొటోలో కంటికి ఆనీ ఆనని సన్నటి రేణువులు ఉంటాయి. వీటినే నాయిస్ అంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు ముక్కల సగటు తీస్తే ఈ రేణువుల బలం సగానికి పడిపోతుంది. తొమ్మిదింటి సగటు తీస్తే మూడో వంతుకు పడిపోతుంది. రంగు సరిపోయినా, ఆకారం సరిపోయినా ఆ చోటు నున్నగా, ప్లాస్టిక్‌లా కనిపించడం ఇందువల్లనే.

ఒక చోటును ఉన్నదున్నట్టు ఇంకో చోట వేసే క్లోన్ బ్రష్‌ను చేత్తో వాడేవారు కూడా తెలియకుండానే ఇదే తప్పు చేస్తారు. అతుకు కనిపించకూడదని బ్రష్ అంచును పూర్తిగా మెత్తగా పెట్టుకుంటారు, గాఢతను నలభై శాతానికి తగ్గిస్తారు, ఒకే చోట నాలుగైదు సార్లు పోతారు. రెండు వేర్వేరు అలల నేతలను సగం సగం కలిపితే వాటి ఎత్తుపల్లాల తేడా దాదాపు 70 శాతానికి దిగిపోతుంది. మళ్లీ పోతే ఇంకా దిగుతుంది. జాగ్రత్త పేరుతో చేసిన ఆ పనే మసకకు మూలం. బ్రష్ గాఢత వంద శాతం, అంచు గట్టిదనం 50 నుంచి 80 శాతం మధ్య ఉంచి, ఒక చోట ఒక్కసారే వేయాలి. అతుకును దాచాల్సింది మెత్తదనం కాదు, అతుకు ఎక్కడ పడుతుందన్నదే.

## ఎక్కడి నుంచి తేవాలి

బ్రష్ ముట్టుకునే ముందు ఒక పని చేయాలి. ఆ ఫొటోకు ముందూ వెనకా తీసినవి ఉన్నాయేమో చూడాలి. ఎవరైనా ఫోను చేతికిస్తే ఒక్కసారే నొక్కి ఊరుకోరు, రెండు మూడు సార్లు నొక్కుతారు. నడిచే మనిషి ఆ రెండు సెకన్లలో తన వెడల్పు కన్నా ఎక్కువ దూరమే పోతాడు. అతని వెనక దాగిన అసలు దృశ్యం రెండో ఫొటోలో ఉండనే ఉంటుంది. ఆ ఫొటోను పై లేయర్‌గా పెట్టి, క్షితిజం గీతను, దూరపు వస్తువులను ఆధారంగా చేసుకుని మొదటి దానితో కలిపి, మనిషి ఉన్న మేరకే మాస్క్‌తో తెరిస్తే సరిపోతుంది. వెనక గోడో, కొండో, కట్టడమో ఉంటే దీన్ని మించిన పద్ధతి లేదు. నిజమైన పిక్సెళ్లు దొరికే చోట ఊహించి గీయాల్సిన అగత్యం ఏముంది?

సముద్రం దగ్గర ఈ పద్ధతి సగమే పనిచేస్తుంది. ఆకాశం, క్షితిజం కలుస్తాయి కానీ, ఒడ్డు మీది నురుగు రెండు సెకన్లలో ఆకారం మార్చుకుంటుంది. ఇక్కడి ఉదాహరణలో రెండో ఫొటో లేదనుకుందాం. ఉన్న ఒక్క ఫొటోలోంచే అన్నీ తెచ్చుకోవాలి.

ఒడ్డు మీద నిలబడి తీసిన ఫొటోలో కింద నుంచి పైకి పోయేకొద్దీ దూరం పెరుగుతుంది. పాదాల దగ్గర ఇసుక రేణువులు విడివిడిగా కనిపిస్తాయి, ఇంకాస్త పైన ఇసుక ఒకే రంగు పట్టీ అవుతుంది, నీళ్లలో ముందు పెద్ద అలలు, పైన సన్నటి గీతలు, క్షితిజం దగ్గర అవీ ఉండవు. కాబట్టి ఏ పిక్సెల్‌కైనా ప్రత్యామ్నాయం దాని ఎడమవైపో కుడివైపో, అదే ఎత్తులో ఉంటుంది. పైనుంచి కిందకు తెస్తే నేత అక్కడికి మరీ సన్నమవుతుంది, కింది నుంచి పైకి తెస్తే మరీ ముతకవుతుంది. చూసేవారు కారణం చెప్పలేకపోయినా ఏదో తేడాగా ఉందని గ్రహిస్తారు. వెనక భాగం ఫోకస్‌లో లేని ఫొటోల్లో ఈ నియమం మరీ కఠినం. ఒకే దూరంలో ఉన్నవే ఒకే మేర మసకగా ఉంటాయి.

## తెల్ల చొక్కా మనిషి, ముక్కముక్కగా

ఫొటో 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 ఎత్తు. మనిషి దాదాపు 600 పిక్సెళ్ల పొడవున్నాడు. తల ఆకాశంలో, మెడ దగ్గర క్షితిజం గీత, ఛాతీ నుంచి మోకాళ్ల దాకా నీళ్లు, పిక్కల దగ్గర నురుగు, పాదాలు తడి ఇసుకలో. పాదాల నుంచి కుడివైపుగా నీడ పడింది. అతని కుడి భుజాన్ని కూతురి చెదిరిన జుట్టు కొంత కప్పుతోంది.

ముందుగా అసలు లేయర్‌ను ముట్టుకోకుండా పైన ఖాళీ లేయర్ ఒకటి పెట్టుకోవాలి. బ్రష్‌లో Sample అన్నచోట Current & Below ఎంచుకుంటే కిందున్న ఫొటోను చూసి పై లేయర్ మీద పని చేస్తుంది. ఎక్కడ తప్పినా ఆ ముక్క చెరిపి మళ్లీ చేసుకోవచ్చు. తర్వాత మనిషి చుట్టూ సెలెక్షన్ గీయాలి. అతని ఒంటి గీత మీదుగా కాకుండా ఆరు నుంచి ఎనిమిది పిక్సెళ్ల అవతలగా గీయాలి. ఫోను కెమెరాలు ఫొటోను వాటంతటవే పదును చేస్తాయి. ఆ పదునుకు మనిషి చుట్టూ సన్నటి ముదురు గీతో లేత గీతో పడుతుంది. దాన్ని వదిలేస్తే మనిషి పోయినా అతని ఆకారం గాలిలో దెయ్యంలా నిలిచిపోతుంది. నీడను, తడి ఇసుకలోని ప్రతిబింబాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మనిషి లేని నీడ మిగిలిపోయిన ఫొటోలు చాలానే తిరుగుతుంటాయి.

మొదట పూర్తి చేయాల్సింది కూతురి అంచు. కుటుంబ సభ్యుల ఒంటి గీత చెడితే ఫొటోకు ప్రాణమే పోతుంది. చేయి, భుజం లాంటి స్పష్టమైన అంచుల వెంట సెలెక్షన్ బిగుతుగా గీసి, అంచును మెత్తబరిచే ఫెదర్ ఒక పిక్సెల్ ఇచ్చి, సెలెక్షన్‌ను తిప్పేసి కూతురిని రక్షణలో పెట్టాలి. ఫెదర్ ఎంతన్నది ఊహించుకునేది కాదు. మనిషి అడ్డు లేని చోట, అంటే కూతురి రెండో భుజం దగ్గర, అంచు ఎన్ని పిక్సెళ్లలో నీళ్లలోకి మారుతోందో పెద్దది చేసి చూసి, అంతే పెట్టాలి. ఈ మేర అంతా క్లోన్ బ్రష్‌తోనే. హీలింగ్ బ్రష్ ఇక్కడికి రాకూడదు.

జుట్టు సెలెక్షన్‌కు లొంగదు. ఒక్కో వెంట్రుక మధ్య నుంచి మనిషి తెల్ల చొక్కా తొంగి చూస్తోంది. ఇక్కడ అదృష్టం కలిసొచ్చింది. చొక్కా తెల్లగా, నీళ్లు మధ్యరకంగా, జుట్టు నల్లగా ఉన్నాయి. పైన ఇంకో ఖాళీ లేయర్ పెట్టి, ఆ లేయర్ బ్లెండ్ మోడ్‌ను Darken అని మార్చి, అదే ఎత్తులోని నీళ్లను మూలంగా తీసుకుని క్లోన్ బ్రష్‌ను జుట్టు మీదుగానే నడిపిస్తే, నీళ్ల కన్నా తెల్లగా ఉన్న పిక్సెళ్లు మాత్రమే మారతాయి. చొక్కా మాయమై నీళ్లు వస్తాయి, నల్లని వెంట్రుకలు ఒక్కటీ చెక్కుచెదరవు. ఇది మొదటిసారి చూసినప్పుడు కలిగే ఆనందం అంతా ఇంతా కాదు. చొక్కా నల్లదైతే మాత్రం ఈ కిటుకు పారదు. అప్పుడు చొక్కా మీద పడిన వెంట్రుకలను వదులుకుని, నీళ్లు నింపాక, ఒకటి రెండు పిక్సెళ్ల బ్రష్‌తో జుట్టు రంగునే తీసుకుని నాలుగైదు వెంట్రుకలు కొత్తగా గీయాలి.

తర్వాత క్షితిజం గీత. పెద్ద మైదానాన్ని నింపే ముందు గీతలను కలపాలన్నది చేత్తో దిద్దేవారి పాత అలవాటు. 2004లో క్రిమినిసి, పెరెజ్, టొయామా ప్రచురించిన పద్ధతిలో కంప్యూటర్ కూడా బలమైన గీతలు ఖాళీలోకి ప్రవేశించే చోట్లకే ముందు వరస ఇస్తుంది. క్షితిజం తెగినా, మెట్టులా విరిగినా, దాని కిందా పైనా ఎంత బాగా నింపినా ఫలితం లేదు. చేతిలో పట్టుకుని తీసిన ఫొటోలో క్షితిజం నూటికి నూరు పాళ్లు అడ్డంగా ఉండదు. ఒక్క డిగ్రీ వంగినా 300 పిక్సెళ్ల దూరంలో గీత దాదాపు 5 పిక్సెళ్లు ఎక్కుతుంది లేదా దిగుతుంది. అందుకని పక్కకు జరపడమంటే క్షితిజం వెంట జరపడమే. Alt పట్టుకుని క్షితిజం గీత మీదే నొక్కి మూలం తీసుకోవాలి, బ్రష్ గీతను ఖాళీ అంచులో మళ్లీ క్షితిజం గీత మీదే మొదలుపెట్టాలి. Aligned టిక్ పెట్టి ఉంచితే ఆ దూరం మారదు. అవతలి అంచుకు చేరాక గీత అక్కడి గీతతో కలిసిందో లేదో 200 శాతానికి పెంచి చూడాలి. ఒక్క పిక్సెల్ తేడా ఉన్నా ఆ గీతను చెరిపి మళ్లీ వేయడమే మేలు, రుద్ది సరిచేయబోతే మసకే మిగులుతుంది.

ఆకాశం తేలిక అనిపిస్తుంది. నిజానికి అక్కడ వేరే చిక్కు ఉంది. సూర్యుడు ఉన్న వైపు ఆకాశం లేతగా, అవతల ముదురుగా ఉంటుంది. ఎడమ నుంచి తెచ్చిన ముక్క ఎడమ అంచులో సరిపోయి, కుడి అంచులో మాసిక వేసినట్టు గీతగా నిలుస్తుంది. హీలింగ్ బ్రష్‌కు చోటు ఇక్కడే. నేత తక్కువ, రంగు మెల్లగా మారుతుంది, చుట్టూ ఒకే వస్తువు, అంటే చర్మం మీది మచ్చ లాంటి పరిస్థితే. క్షితిజానికి ఒక బ్రష్ వెడల్పు దూరంలో ఆగిపోవాలి, అంతే. ఆ మిగిలిన సన్నటి పట్టీని క్షితిజం వేసేటప్పుడే క్లోన్‌తో నింపి ఉంచుకుంటే హీలింగ్‌కు నీళ్లను తాకే అవసరమే రాదు.

నీళ్లను రెండు వైపుల నుంచీ తేవాలి. ఖాళీ ఎడమ సగానికి ఎడమ నుంచి, కుడి సగానికి కుడి నుంచి. కూతురు నిలబడిన పక్క అవతల దాకా పోయి తెచ్చుకోవాలి. రెండూ కలిసే గీతను నిలువుగా, తిన్నగా రానివ్వకూడదు. ఒక అల వంపు ముగిసే చోట ఒకటి ఆపి, ఇంకో అల మొదలయ్యే చోట రెండోదాన్ని అందుకుంటే అతుకు అల నీడలో దాక్కుంటుంది. మెత్తని బ్రష్ చేయలేని పని ఇదే. నురుగు కూడా ఇంతే. అదే నురుగు పట్టీ నుంచి ఒక తునక తెచ్చి, నురుగు సహజంగా తెగిన చోట కలపాలి. తెచ్చిన తునకలో కొట్టొచ్చినట్టు కనిపించే బుడగో, వంపో ఉంటే దాన్ని మరో చోటి నుంచి తెచ్చిన చిన్న ముక్కతో మార్చేయాలి. కవల బుడగలు పక్కపక్కనే ఉంటే అవి మసక కన్నా ముందు పట్టుబడతాయి.

నీడ సంగతి వేరు. నీడ పడిన ఇసుక అక్కడే ఉంది, వెలుగు తగ్గిందంతే. దాన్ని పూర్తిగా మార్చేయడం కన్నా వెలిగించడం మంచిది. నీడ మీద సెలెక్షన్ గీసి, కర్వ్స్‌తో పక్క ఇసుక వెలుగుకు పెంచాలి. ఆరుబయట నీడకు ఆకాశపు నీలం అంటుతుంది కాబట్టి నీలాన్ని కాస్త తగ్గించాలి. దీనివల్ల ఇసుక రేణువులు, అడుగుల గుర్తులు నిజమైనవే మిగులుతాయి. నీడ అంచు వెంట మాత్రం సన్నటి గీత ఉండిపోతుంది. దాని మీదుగా చిన్న క్లోన్ బ్రష్‌ను ఇసుక నుంచి ఇసుకకు నడిపితే పోతుంది. నీడ మరీ చిక్కగా ఉండి అందులో వివరం లేకపోతే వెలిగించినప్పుడు రంగు మరకలు బయటపడతాయి. అలాంటప్పుడు క్లోన్ తప్ప దారి లేదు.

## మసక మిగిలిందా అని చూడటం

ఒకే చోటును అరగంట చూసిన కన్ను దాన్ని సరిగానే ఉందంటుంది. ఫొటోను అద్దంలోలా ఎడమ కుడి తిప్పి చూస్తే ఆ అలవాటు తెగి, మసకలు బయటపడతాయి. అన్ని లేయర్ల పైన తాత్కాలికంగా ఒక కర్వ్స్ లేయర్ పెట్టి కాంట్రాస్ట్‌ను బాగా పెంచితే ఆకాశంలో కనబడని వెలుగు తేడాలు మచ్చల్లా పైకి తేలతాయి. ఆ తర్వాత 100 శాతం సైజులో, నింపిన చోటునూ దాని పక్కనే అదే ఎత్తులో ఉన్న అసలు చోటునూ మార్చి మార్చి చూడాలి. నింపిన చోట రేణువులు తక్కువగా, నున్నగా ఉంటే అదే మసక.

హీలింగ్ వాడిన ఆకాశంలో ఇది తరచూ ఎదురవుతుంది. దానికి నాయిస్ కలపాలి. అయితే పిక్సెల్‌కొకటిగా చల్లిన నాయిస్ ఫోను ఫొటోలో కలవదు. ఫోను తన నాయిస్‌ను ముందే కొంత తుడిచేస్తుంది కాబట్టి మిగిలినది గింజ గింజగా కాకుండా కాస్త మెత్తగా, గుంపులుగా ఉంటుంది. కొత్తగా కలిపిన నాయిస్‌కు అర పిక్సెల్ దగ్గర నుంచి మొదలుపెట్టి కొద్దిపాటి బ్లర్ ఇచ్చి, పక్క ఆకాశంతో సరిపోయే దాకా సర్దాలి. రంగు రంగుల చుక్కలు కాకుండా వెలుగు తేడా మాత్రమే వచ్చేలా Monochromatic ఎంచుకోవడం సురక్షితం.

ఫొటో ఫోనులో చూసుకోవడానికే అయితే ఇంత శ్రమలో కొంత మానేయవచ్చు. నాలుగు వేల పిక్సెళ్లు వెయ్యికి కుదిస్తే రేణువుల తేడా చాలావరకు అదే కలిసిపోతుంది. గోడకు తగిలించే పెద్ద ప్రింటుకు ఆ మినహాయింపు లేదు. ఏ సైజులోనైనా లొంగని సందర్భాలూ ఉన్నాయి. మనిషి చేయి కుటుంబ సభ్యుడి ముందుకు వచ్చి ముఖాన్ని కప్పితే, ఆ ముఖం ఫొటోలో లేనట్టే. మనిషి వెనక చెక్కడాలో, రాతలో ఉండి, అవి ఇంకెక్కడా కనిపించకపోతే తెచ్చుకోవడానికి ముక్క దొరకదు. అప్పుడు మనిషిని పూర్తిగా తీసేయాలన్న పట్టుదల వదిలి, అతని చొక్కా తెలుపును మాత్రం తగ్గించి వెనక రంగులోకి కలిపేయడం నయం. చూపును లాగేది చాలాసార్లు ఆ తెలుపే. అది తగ్గితే చూపు తిరిగి కూతురి నవ్వు దగ్గరికి వస్తుంది.